కొర్రల ప్యాకెట్ ఓనర్‌కి ఒక మెయిల్

ఫ్రీలాన్స్ డిజైన్ పనులు వెతుక్కునే మన కాలేజీ పిల్లలు పంపే మొదటి మెయిల్ దాదాపు ఇలా ఉంటుంది:

“గౌరవనీయులైన సర్/మేడమ్, మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నేను సృజనాత్మకత గల గ్రాఫిక్ డిజైనర్‌ని. లోగోలు, పోస్టర్లు, బ్రోచర్లు, సోషల్ మీడియా పోస్టులు, ప్యాకేజింగ్, విజిటింగ్ కార్డులు అన్నీ చేస్తాను. మీ బ్రాండ్‌ని ఎక్కడికో తీసుకెళ్తాను. నా పనుల లింక్ కింద ఉంది. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.”

మామూలుగా దీన్ని ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి అందులో ఎంత ఖాళీ ఉందో మనకి కనపడదు. తెలుగులోకి దించి చూస్తే కనపడుతుంది. ఈ మెయిల్‌ని పచ్చళ్ళ కంపెనీకి పంపొచ్చు, కోచింగ్ సెంటర్‌కి పంపొచ్చు, టైర్ల షాపుకీ పంపొచ్చు. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. చదివే మనిషికి కూడా అది మొదటి లైన్లోనే తెలిసిపోతుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి రాసే ఉత్తరంలో “నేను నీకే రాస్తున్నాను” అన్న సంగతి ముందు తేలాలి. అది తేలకపోతే మిగతాది ఎంత బాగున్నా చదివేవాళ్ళు ఉండరు.

అందుకని ఒక ఊహా కేసు తీసుకుని, మెయిల్ పుట్టిన దగ్గర్నుంచి జవాబు వచ్చేదాకా నడిచి చూద్దాం. విజయవాడలో చిరుధాన్యాల ప్యాకెట్లు అమ్మే చిన్న స్టార్టప్ ఒకటి ఉందనుకోండి. నడిపేది ఒకావిడ, పనివాళ్ళు నలుగురో ఐదుగురో. మీరు సూపర్ మార్కెట్లో వాళ్ళ కొర్రల ఉప్మా మిక్స్ కొన్నారు. ముందువైపు పెద్ద అక్షరాల్లో “కొర్రల” అని ఉండాల్సిన చోట “కొర్‌రల” అని ఉంది. ర కింద ఒత్తు రాకుండా, పొల్లు పడి, పక్కన ఇంకో ర నిలబడింది.

తెలుగు చదవడం వచ్చిన ఎవరికైనా ఇది పంటి కింద రాయిలా తగులుతుంది. మన ఊళ్ళ ఫ్లెక్సీల మీద, షాపు బోర్డుల మీద చూసి చూసి అలవాటైపోయింది గానీ, ఇది అక్షరదోషం కాదు. టైప్ చేసినవాళ్ళకి తెలుగు రాక జరిగిందీ కాదు. దీని వెనక ఉన్న కారణం అర్థమైతే మెయిల్ సగం రాసినట్టే.

యూనికోడ్‌లో “ర్ర” అనేది ఒక అక్షరంగా దాచి ఉండదు. మూడు ముక్కలుగా ఉంటుంది:

```
ర + ్ + ర
U+0C30  U+0C4D  U+0C30
```

ఈ మూడింటినీ చూసి, ఫాంట్‌లో ఉన్న నియమాల ప్రకారం రెండో ర ని ఒత్తుగా మార్చి కూర్చోపెట్టే పని సాఫ్ట్‌వేర్‌ది. ఫోన్‌లో, బ్రౌజర్‌లో ఆ పని మనకి తెలియకుండానే జరిగిపోతుంది. అడోబీ ఇలస్ట్రేటర్‌లో మాత్రం ఆ పని చేసే కంపోజర్‌ని మనమే ఎంచుకోవాల్సి రావచ్చు. ఎంచుకోకపోతే అది మూడు ముక్కల్నీ వరసగా పేర్చేసి ఊరుకుంటుంది. అప్పుడే “కొర్‌రల” పుడుతుంది. సెట్టింగ్ ఎక్కడుందంటే, ప్రిఫరెన్సెస్‌లో `Type` దగ్గర `Show Indic Options` టిక్ చేయాలి. తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో `Middle Eastern & South Asian Single-line Composer` ఎంచుకోవాలి. దాంతో పాటు తెలుగు ఉన్న యూనికోడ్ ఫాంట్ వాడాలి. అంతే, ఒత్తు దాని చోటుకి అది వెళ్ళిపోతుంది.

ఇంకో రకం తెలుగు గోల కూడా ఉంది, దాన్నీ దీన్నీ కలపకండి. యూనికోడ్‌కి ముందునుంచి డీటీపీ సెంటర్లలో వాడుతున్న పాత ఫాంట్లతో కట్టిన ఫైల్‌ని, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగే కనపడదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. అది ఎవరికైనా వెంటనే తెలుస్తుంది కాబట్టి ప్రెస్ దాకా వెళ్ళడం తక్కువ. అక్షరాలు తెలుగువే అయి, ఒత్తు రావాల్సిన చోట పొల్లు కనపడితే మాత్రం అది కంపోజర్ సమస్య. ఈ తేడా చెప్పగలిగినవాడే ఆ ఓనర్‌కి పనికొచ్చే డిజైనర్.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. ఆవిడ పేరుని వాట్సాప్‌లో టైప్ చేసి డిజైన్ చేసినవాళ్ళకి పంపి ఉంటారు. ఆవిడ ఫోన్‌లో అది సరిగ్గానే కనపడింది. వాళ్ళు దాన్ని కాపీ చేసి ఇలస్ట్రేటర్‌లో పేస్ట్ చేశారు, విరిగింది. ఆవిడ తప్పు లేదు. డిజైన్ చేసింది ఎవరో మనకి తెలియదు. ఆవిడ తమ్ముడే కావచ్చు, ఆడపడుచు కొడుకే కావచ్చు. చిన్న స్టార్టప్‌లలో మొదటి డిజైనర్ చాలాసార్లు చుట్టమే అవుతాడు. అందుకని “మీ డిజైన్ ప్రొఫెషనల్‌గా లేదు” అని రాశామంటే మనం డిజైన్‌ని కాదు, ఆ ఇంట్లో ఒక మనిషిని అన్నట్టు. మెయిల్‌లో సెట్టింగ్ సంగతి చెప్పడం మన తెలివి చూపించుకోవడానికి కాదు. తప్పు ఎవరి మీదా పడకుండా చూడటానికి.

మెయిల్ రాసే ముందు రెండు పనులున్నాయి. ఒకటి, ప్యాకెట్ మీద ప్యాకింగ్ తేదీ చూడండి. అది ఎప్పటిదో పాత సరుకైతే, ఆవిడ ఈపాటికి సరిచేయించి ఉండొచ్చు. సరిచేసిన తప్పు గురించి మెయిల్ పంపితే మన పని అక్కడితో సరి. కొత్త తేదీ ఉన్న ప్యాకెట్ ఒకటి కొని చూడండి. వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో కొత్త ఫోటోలు కూడా చూడండి.

రెండోది, అడ్రస్. ఇది వెతకడానికి పెద్ద విద్యలేం అక్కర్లేదు, ప్యాకెట్ వెనక్కి తిప్పితే చాలు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద, ఫిర్యాదు ఉంటే ఎవరిని సంప్రదించాలో పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్ ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతాయి. పెద్ద కంపెనీలో ఆ మెయిల్ ఎక్కడో కాల్ సెంటర్‌కి పోతుంది. ఇంత చిన్న కంపెనీలో దాన్ని ఓనరే తన ఫోన్‌లో చూసుకునే అవకాశం ఎక్కువ. అయితే అది ఫిర్యాదుల డబ్బా అని మర్చిపోకూడదు. “ప్యాకెట్‌లో సమస్య, అర్జెంట్” అని సబ్జెక్ట్ పెడితే ఆవిడ కంగారుగా తప్పకుండా తెరుస్తారు. పురుగొచ్చిందేమో అని గుండె దడదడలాడుతూ తెరిచి, లోపల డిజైనర్ పని అడుగుతున్నాడని చూస్తే వచ్చే కోపం మామూలుగా ఉండదు. తెరిపించడం మన పని కాదు, చదివించడం మన పని. సబ్జెక్ట్‌లోనే మనం ఎవరో ఉండాలి.

ఇక మెయిల్:

“సబ్జెక్ట్: డిజైనర్ నుంచి – మీ కొర్రల ప్యాకెట్ మీద ‘ర్ర’ గురించి

… గారికి,

నమస్కారం అండి. పోయిన ఆదివారం మీ కొర్రల ఉప్మా మిక్స్ కొన్నాను. ముందువైపు పేరులో ‘ర్ర’ విడిపోయి అచ్చయింది. ఫోటో జత చేశాను. మీరు ఇచ్చిన మాట సరిగ్గానే ఉండి ఉంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ మార్చకపోతే తెలుగు ఒత్తులు ఇలా విడిపోతాయి.

నేను ఇక్కడే ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతూ ఫ్రీలాన్స్‌గా గ్రాఫిక్ డిజైన్ చేస్తున్నాను. మా కాలేజీ తెలుగు పత్రిక రెండు సంచికలకి పేజీలు నేనే కట్టాను. ప్యాకెట్ల పని ఇంతకుముందు చేయలేదు.

మీ దగ్గర అసలు డిజైన్ ఫైల్ ఉంటే, ముందువైపు తెలుగు అంతా సరిచేసి, ప్రెస్‌కి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న పీడీఎఫ్ రెండు రోజుల్లో ఇస్తాను. ఒక ప్యాకెట్‌కి 1,200 రూపాయలు. వెనకవైపు వివరాలు ముట్టుకోను.

కొత్త కవర్లు మళ్ళీ ఎప్పుడు ప్రింట్‌కి వెళ్తున్నాయండి?

పేరు, ఫోన్ నంబరు”

ఇంతే. ఫోన్‌లో రెండుసార్లు వేలితో తోస్తే అయిపోవాలి. ఇందులో కొన్ని మాటలు ఎందుకున్నాయో చూద్దాం.

ఫోన్‌లో మెయిల్ తెరవకముందే సబ్జెక్ట్ కింద మొదటి లైను కొంచెం కనపడుతుంది. “మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను” అని మొదలుపెడితే ఆ కాస్త జాగా దానికే పోతుంది. ఇక్కడ కనపడేది “పోయిన ఆదివారం మీ కొర్రల ఉప్మా మిక్స్ కొన్నాను”. డబ్బులిచ్చి సరుకు కొన్న మనిషి అన్నమాట. వ్యాపారం చేసేవాళ్ళు ఈ వాక్యాన్ని దాటి పోలేరు. కానీ ఇది నిజమై ఉండాలి. కొనకుండా ఆన్‌లైన్ ఫోటో చూసి ఈ ముక్క రాయకండి. “ఏ షాపులో అండి?” అని ఆవిడ ఫోన్ చేస్తే నీళ్ళు నమలాల్సి వస్తుంది.

ఫోటో ఎందుకంటే, ఇక్కడ చిన్న తమాషా ఉంది. మెయిల్‌లో విరిగిన “ర్ర” ని టైప్ చేసి చూపించాలని చూస్తే, ఆవిడ ఫోన్ దాన్ని బుద్ధిగా కలిపేసి సరైన “ర్ర” చూపిస్తుంది! ఆవిడకి తేడా ఏమీ కనపడదు, వీడేం చెబుతున్నాడ్రా అనుకుంటారు. విరిగినట్టే కనపడాలంటే పొల్లు తర్వాత U+200C అనే కంటికి కనపడని అక్షరం ఇరికించాలి. ఈ వ్యాసంలో నేను అదే చేశాను. ఆవిడకి మాత్రం ఫోటో మేలు. ప్యాకెట్ మీద ఆ పేరు వరకే దగ్గరగా తీసి, దాని కిందే మీరు ఇలస్ట్రేటర్‌లో సరిగ్గా కట్టిన “కొర్రల” అన్న ఒక్క మాట పెట్టి, ఒకే చిన్న జేపీజీగా పంపండి. జిప్ ఫైలు వద్దు, డ్రైవ్ లింకు వద్దు. తెలియనివాళ్ళు పంపిన లింకు నొక్కొద్దని మనమే ఇంట్లో అమ్మానాన్నలకి రోజూ చెబుతున్నాం కదా.

ఒక్క మాటే సరిచేసి చూపించమన్నాను, గమనించండి. చాలామంది ఉత్సాహంతో ప్యాకెట్ మొత్తం కొత్తగా డిజైన్ చేసి పంపేస్తారు. నాకు ఇది నచ్చదు, ఉచితంగా పని చేస్తున్నామనే కాదు. అడగకుండా రంగులూ లోగో మార్చి చూపించడం అంటే ఆవిడ ఎంచుకున్నవన్నీ బాగాలేవని చెప్పడమే. పైగా ఆ లోగో ఎందుకలా ఉందో, ఆ ఆకుపచ్చే ఎందుకు వాడారో మనకి తెలియదు. ఒత్తు సంగతి వేరు. అందులో ఇష్టాయిష్టాల గొడవ లేదు. ఎవరు చూసినా కింది మాటే సరైనదంటారు.

“ప్యాకెట్ల పని ఇంతకుముందు చేయలేదు” అన్న వాక్యం తీసేయమని మీ ఫ్రెండ్స్ చెబుతారు. ఉంచండి. ప్యాకెట్ పనిలో డబ్బు పోయే అవకాశం ఉంది, ఆవిడ ఎలాగూ అడుగుతారు. ముందే చెప్పి, మనం చేయగలిగినంత వరకే పని అడిగితే ఆ ప్రశ్న ఇబ్బంది పెట్టదు. “వెనకవైపు ముట్టుకోను” అన్నది కూడా అందుకే. వెనకాల పదార్థాల పట్టిక, పోషకాల పట్టిక, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు ఉంటాయి. వాటిలో ఒక అంకె జరిగినా చిక్కు ఆవిడకి వస్తుంది.

ఇక చివరి ప్రశ్న. నా లెక్కలో మెయిల్ మొత్తానికి బరువంతా దాని మీదే ఉంది. “మీకు ఆసక్తి ఉంటే చెప్పండి” అని అడిగితే ఆసక్తి ఉందో లేదో ఆలోచించాలి, ఆలోచించడానికి టైం లేదు, మెయిల్ కిందికి పోతుంది. “ప్రింట్‌కి ఎప్పుడు వెళ్తున్నాయి” అంటే జవాబు ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంటుంది. “వచ్చే నెల” అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఈ పని దొరికేదీ దొరకనిదీ కూడా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. ఎందుకో తెలియాలంటే కవరు ఎలా అచ్చవుతుందో తెలియాలి.

చిన్నగా మొదలుపెట్టినవాళ్ళు సాదా కవర్లు కొని, వాటిమీద స్టిక్కర్ లేబుల్ అంటిస్తారు. స్టిక్కర్లు కొద్దికొద్దిగా వేయించుకుంటారు కాబట్టి తప్పు సరిచేయడం తేలిక. తర్వాతి విడతకి కొత్త ఫైల్ ఇస్తే సరి. అమ్మకాలు పెరిగాక కవరు మీదే అచ్చు వేయిస్తారు. పెద్ద సంఖ్యలో వేసేటప్పుడు ఎక్కువగా గ్రావ్యూర్ పద్ధతి వాడతారు. అందులో ఒక్కో రంగుకి ఒక్కో లోహపు సిలిండర్ మీద డిజైన్ చెక్కాలి. సిలిండర్ ఖర్చు ఒకసారి పెట్టి, దాంతోనే మళ్ళీ మళ్ళీ అచ్చు వేసుకుంటారు. అంటే ఫైల్‌లో మన పని ఐదు నిమిషాలే అయినా, సిలిండర్ మార్చే ఖర్చు ఆవిడకి వేరే ఉంటుంది. ఆ పేరు ఒకే రంగులో ఉండి, కింద వేరే రంగుల్లో దానికోసం ఖాళీ వదలకపోతే ఒక్క సిలిండర్‌తో పోతుంది. ఎర్ర రంగు మధ్యలో తెల్లగా వదిలిన అక్షరాలైతే, ఆ చోట ఉన్న ప్రతి రంగు సిలిండరూ మార్చాలి.

కాబట్టి ప్యాకెట్ చేతిలో ఉన్నప్పుడే చూడండి, అది స్టిక్కరా, కవరు మీద అచ్చా అని. గోటితో అంచు గీరితే తెలిసిపోతుంది. స్టిక్కర్ అయితే ఈ మెయిల్‌కి జవాబు వచ్చే ఆశ ఎక్కువ. కవరు మీద అచ్చయితే, “సిలిండర్లు ఎలాగూ మార్చే రోజున ఇది కూడా కలపొచ్చు” అని ఒక వాక్యం చేర్చండి. ఖర్చు సంగతి తెలిసినవాడు రాశాడని ఆవిడకి అర్థమవుతుంది.

భాష గురించి ఒక మాట. తెలుగు క్లబ్ కాబట్టి తెలుగులోనే రాయమని నేను అనడం లేదు. వాళ్ళ పేజీలో పోస్టులు ఏ భాషలో ఉంటే ఆ భాషలో రాయండి. కానీ తెలుగు ఒత్తు గురించి రాసే మెయిల్ ఇంగ్లీషులో ఉంటే కొంచెం వింతగా ఉంటుంది. తెలుగులో ఉంటే, ఒత్తులన్నీ చక్కగా కుదిరిన ఆ ఉత్తరమే మన పనికి నమూనా. పేరు తెలిస్తే పేరుకి “గారు” చేర్చండి. తెలియకపోతే “నమస్కారం అండి” తో మొదలుపెట్టండి. “గౌరవనీయులైన సర్/మేడమ్” లోని ఆ అడ్డగీత ఒక్కటి చాలు, ఎవరికి రాస్తున్నామో మనకే తెలియదని చెప్పడానికి. అన్నట్టు, పంపే ముందు అచ్చుతప్పులు రెండుసార్లు చూసుకోండి. ఇలాంటి మెయిల్‌లో ఒక్క ఒత్తు జారినా ఆవిడకి నవ్వుకోవడానికి బాగుంటుంది.

ఇలాంటి మెయిల్ ఒకటి రాయడానికి, ప్యాకెట్ కొనడం దగ్గర్నుంచి లెక్కేస్తే, ఒక సాయంత్రం పడుతుంది. వందమందికి ఒకేసారి పంపడం కుదరదు. వారానికి రెండు మూడు కుదిరితే గొప్ప. అందులోనూ జవాబు రానివి ఉంటాయి. వారం రోజులు చూసి, అదే మెయిల్ కింద రెండు లైన్లు రాయండి. “చూశారా అండి?” అని కాదు, కొత్త సంగతి ఏదైనా ఉంటేనే. ఉదాహరణకి, అదే తప్పు వాళ్ళ సామల ప్యాకెట్ మీద “మిక్స్” అన్న మాటలో కూడా కనపడిందనుకోండి, అది చెప్పొచ్చు. దానికీ జవాబు రాకపోతే వదిలేయండి. మూడోసారి రాస్తే మన అడ్రస్ స్పామ్‌లోకి పోతుంది, రేపు నిజంగా అవసరమై రాసినా ఆవిడకి కనపడదు.

జవాబు వస్తే ఒక జాగ్రత్త. ఫైల్ సరిచేశాక ప్రెస్‌కి ఇచ్చే కాపీలో తెలుగు మాటలన్నీ `Create Outlines` తో గీతలుగా మార్చండి. లేకపోతే ప్రెస్ వాళ్ళ కంప్యూటర్‌లో ఫైల్ తెరిచి ఏదో సర్దబోతే అదే ఒత్తు మళ్ళీ విరుగుతుంది, ఈసారి ఆ తప్పు మన పేరు మీద పడుతుంది. గీతలుగా మార్చాక అక్షరాలు మార్చడం కుదరదు కాబట్టి, మార్చని కాపీ ఒకటి ఆవిడకీ ఇచ్చి, ఒకటి మన దగ్గరా ఉంచుకోవాలి. అచ్చుకి వెళ్ళే ముందు ప్రెస్ పంపే ప్రూఫ్‌ని ఆవిడతో పాటు మనమూ చూడాలని ముందే అడగండి.

ఎక్కువగా రాగల జవాబు మాత్రం అవునూ కాదూ కాకుండా మధ్యలో ఉంటుంది: “థాంక్స్ అండి. ఇంకా నాలుగు నెలలకి సరిపడా కవర్లు ఉన్నాయి.” దీన్ని చూసి చాలామంది ఉసూరుమంటారు. నాకైతే ఇది మంచి జవాబే అనిపిస్తుంది. అడిగిన ప్రశ్నకి ఆవిడ తేదీతో సహా సమాధానం ఇచ్చారు. ఫోన్ క్యాలెండర్‌లో మూడు నెలల తర్వాతి ఒక సోమవారం గుర్తుపెట్టుకోండి. ఆ రోజు అదే మెయిల్ కింద ఇలా రాయండి:

“నమస్కారం అండి. కవర్లు ఇంకో నెలకి అయిపోవచ్చని ఏప్రిల్‌లో చెప్పారు. ప్రింట్‌కి ఇచ్చే ముందు ‘ర్ర’ సరిచేయాలంటే ఈ వారం ఫైల్ పంపండి, గురువారానికి తిరిగి ఇస్తాను.”